పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మారింది, సర్టిఫికెట్లన్నీ పాత పేరుతోనే ఉన్నాయి. ఏది మార్చాలి, ఏది వదిలేయాలి?

స్వాతి_ఖమ్మం · 12 మార్చి, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పెళ్లయి ఏడాదిన్నర అయింది. పుట్టింటి ఇంటిపేరు కొల్లి, అత్తగారిది మద్దినేని. పెళ్లయిన కొత్తలో రేషన్ కార్డులో చేర్చాలంటే ఆధార్‌లో పేరు మార్చాలన్నారని మావారు తీసుకెళ్లి పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించి మద్దినేని స్వాతిగా మార్పించారు. పది నిమిషాల్లో అయిపోయింది, అప్పుడేమీ అనిపించలేదు.

ఇప్పుడు డీఎస్సీకి చదువుతున్నాను. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ, బీఎడ్ అన్నీ కొల్లి స్వాతి. పాన్ కూడా అదే. సర్టిఫికెట్ల పరిశీలనలో ఆధార్ అడిగితే ఏం చెప్పాలి? ఈలోగా మావారికి జర్మనీలో ఉద్యోగం వచ్చేలా ఉంది, నాకు పాస్‌పోర్ట్ తీయాలంటున్నారు. అది ఏ పేరుతో తీయాలి? మా మరిది ప్రభుత్వ గెజిట్‌లో పేరు మార్పు ప్రకటన వేయిస్తే పదో తరగతి మెమో నుంచి అన్నీ మారిపోతాయంటున్నాడు. నిజమేనా? నాలుగు రోజులుగా ఇదే టెన్షన్.

మీసేవ_రమణ · 12 మార్చి, రాత్రి 10:15

మేడం, పదకొండేళ్లుగా సెంటర్ నడుపుతున్నాను, ఇలాంటివి వారానికి ఇద్దరు ముగ్గురు వస్తారు. మీ మరిది చెప్పింది కరెక్టే. ముందు గెజిట్ వేయించండి, అది పెట్టి టెన్త్ మెమో మార్పించండి, మిగతావి దాని వెనకే వస్తాయి. పాన్‌కి ఆధార్ ఉంటే చాలు, ఆన్‌లైన్‌లో కరెక్షన్ పెట్టేస్తే రెండు వారాల్లో కార్డు ఇంటికొస్తుంది.

పాన్ ఫారంలో ఒక్కటి చూసుకోండి. తండ్రి పేరు గడిలో భర్త పేరు రాయకండి. పెళ్లయినా పాన్‌లో తండ్రి పేరే ఉంటుంది. మా దగ్గరికొచ్చే వాటిలో సగం అక్కడే తిరిగొస్తాయి.

పరీక్షల_విభాగం_విశ్రాంత · 13 మార్చి, ఉదయం 6:20

అమ్మా స్వాతీ, నేను ఒక యూనివర్సిటీ పరీక్షల విభాగంలో ముప్పై ఏళ్లు చేసి సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను. రమణగారు పాన్ గురించి చెప్పింది సరే. మెమో గురించి చెప్పింది మాత్రం సగమే నిజం, ఆ సగం నమ్మి బయల్దేరితే ఏడాది తిరుగుతావు.

మెమో అంటే ఫలానా సంవత్సరం ఫలానా పేరుగల విద్యార్థి పరీక్ష రాసి పాసయిందని బోర్డు ఇచ్చిన కాగితం. ఆ రోజు నీ పేరు కొల్లి స్వాతి. తర్వాత పెళ్లయినంత మాత్రాన ఆ మాట అబద్ధం కాదు. అందుకే పెళ్లి కారణంగా ఇంటిపేరు మార్చమని ఎవరు అర్జీ పెట్టినా మేము తిప్పి పంపేవాళ్లం. తప్పు దిద్దడం వేరు, పేరు మార్చుకోవడం వేరు. స్కూలు అడ్మిషన్ రిజిస్టరులో ఒకటుండి మెమోలో ఇంకొకటి పడితే అది తప్పు. హెడ్మాస్టరు ద్వారా, రిజిస్టరు నకలుతో, డీఈవో ఆఫీసు మీదుగా ప్రభుత్వ పరీక్షల డైరెక్టరుకు వెళ్తే దిద్దుతారు. నీ విషయంలో దిద్దడానికి అక్కడ తప్పే లేదు.

గెజిట్ పనికిరాదని కాదు. పాత కాగితాలు పాత పేరుతోనే ఉంటాయి, కొత్త కాగితాలు కొత్త పేరుతో ఉంటాయి, మధ్యలో ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని చెప్పే కాగితం గెజిట్. వంతెన అనుకో. వంతెన కట్టాక అవతలి ఒడ్డును తవ్వి ఇవతల పోయాల్సిన పనిలేదు.

మీసేవ_రమణ · 13 మార్చి, ఉదయం 8:05

సార్, సుప్రీంకోర్టు తీర్పుంది కదా, పేరు మార్చుకోవడం హక్కు, బోర్డులు మార్చి తీరాలని? వాట్సాప్‌లో చూశాను.

పరీక్షల_విభాగం_విశ్రాంత · 13 మార్చి, ఉదయం 8:50

ఉంది. 2021 జూన్‌లో వచ్చిన జిజ్ఞా యాదవ్ కేసు. సీబీఎస్ఈ మీద. వాట్సాప్‌లో దాని మొదటి సగమే తిరుగుతుంది.

ఆ తీర్పు కూడా నేను పైన చెప్పిన తేడానే పట్టుకుంది. స్కూలు రికార్డుకు తగ్గట్టు దిద్దడానికి ఒక దారి. పూర్తిగా కొత్త పేరు పెట్టుకుని సర్టిఫికెట్‌లో ఎక్కించమనడానికి ఇంకో దారి, దానికి ముందు కోర్టు అనుమతి, ఆపైన గెజిట్ కావాలంది. అప్పుడు కూడా పాత పేరు చెరిపేయనక్కర్లేదు, పాతదాన్ని ఉంచి మార్పును, తేదీని పక్కన రాయవచ్చంది. అది సీబీఎస్ఈ కేసు. మన ఎస్సెస్సీ బోర్డు దగ్గరికి ఆ కాగితం పట్టుకెళ్తే కౌంటర్లో గుమస్తా మార్చడు. కోర్టుదాకా వెళ్లేంత అవసరం ఈ అమ్మాయికి ఉందా అన్నది ప్రశ్న.

గోదారి_పద్మ · 13 మార్చి, ఉదయం 11:30

అసలు మార్చుకోవడం ఎందుకండీ? పెళ్లయితే ఇంటిపేరు మారాలని ఏ చట్టంలోనూ లేదు. నేను మార్చుకోలేదు, పాస్‌పోర్ట్‌లో భర్త పేరు గడిలో ఆయన పేరు రాశాను, అంతే. మా అత్తగారు ఆర్నెల్లు మాట్లాడలేదు, తర్వాత ఆవిడే మర్చిపోయింది.

రాజమండ్రి_సుజాత · 13 మార్చి, మధ్యాహ్నం 1:10

పద్మగారూ, ఆ మాట పెళ్లికి ముందు చెప్పేవాళ్లు ఉంటే బాగుండేది. స్వాతీ, ఒక్క సంగతి చెప్పు. ఆధార్‌లో పేరు ఇంతకు ముందు ఎప్పుడైనా మార్చావా? పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చనిస్తారు. స్పెల్లింగ్ సరిచేసినా అది ఒకసారి కిందే లెక్క.

స్వాతి_ఖమ్మం · 13 మార్చి, మధ్యాహ్నం 2:25

అయ్యో. మొదట ఆధార్‌లో K Swathi అని ఉండేది. డిగ్రీలో స్కాలర్‌షిప్ కోసం పొడి అక్షరం తీసేసి ఇంటిపేరు పూర్తిగా రాయించాను. అది ఒకసారి. పెళ్లయ్యాక రెండోసారి. అంటే ఇక మార్చలేనా? పాత పేరుకి వెనక్కి వెళ్లాలన్నా కుదరదా?

రాజమండ్రి_సుజాత · 13 మార్చి, మధ్యాహ్నం 3:40

కుదురుతుంది, నేను వెళ్లాను కాబట్టి చెప్తున్నాను. మాది విడాకుల కేసు. ఇంటిపేరు వెనక్కి మార్చుకుందామనుకుంటే అప్పటికే రెండుసార్లూ అయిపోయాయి. సెంటర్‌లో అబ్బాయి సిస్టం తీసుకోదు మేడం అని లేచిపొమ్మన్నాడు. అక్కడే ఇంటికొచ్చేస్తారు చాలామంది, నేనూ వచ్చేశాను. ఆరు నెలలు పోయాయి.

తర్వాత తెలిసింది, తిరస్కరిస్తారని తెలిసే అప్‌డేట్ వేయించాలట. గెజిట్, పాత పేరున్న గుర్తింపు కాగితం పెట్టి సెంటర్‌లో అప్‌డేట్ వేయించాను. పరిమితి దాటిందని తిరస్కరణ వచ్చింది. ఆ రసీదు మీదుండే ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో ఆధార్ హెల్ప్‌లైన్ 1947కి ఫోన్ చేసి, help@uidai.gov.in కి మెయిల్ పెట్టాను. కాగితాలన్నీ జతచేసి, దీన్ని ప్రత్యేకంగా చూడమని అడగాలి. అప్పుడది ప్రాంతీయ కార్యాలయానికి వెళ్తుంది. మనకు హైదరాబాద్‌లోనే ఉంది. రెండుసార్లు కాగితాలు మళ్లీ అడిగారు, చివరికి అయింది. రసీదు మాత్రం పారేయకు, ఆ నంబరు లేకపోతే ఫోన్లో అవతలివాళ్లకి చూడటానికేమీ ఉండదు.

నల్గొండ_యాదగిరి · 13 మార్చి, సాయంత్రం 6:00

మా బాబు బర్త్ సర్టిఫికెట్‌లో పేరు సాయి తేజ బదులు సాయి తేజా అని పడింది. స్కూల్లో వేరేగా ఉంది. గెజిట్ ఎంతవుతుంది అన్నా?

మీసేవ_రమణ · 13 మార్చి, సాయంత్రం 6:20

యాదగిరన్నా, బర్త్ సర్టిఫికెట్‌లో అక్షరం తప్పుకు గెజిట్ ఎందుకు? మున్సిపాలిటీలో గానీ పంచాయతీలో గానీ కరెక్షన్‌కి పెట్టు. ఇది పెళ్లి కేసు, కలపకు.

డల్లాస్_మాధవి · 14 మార్చి, ఉదయం 4:45

ఇక్కడ సాయంత్రం, ఇప్పుడే చూస్తున్నాను. నాది స్వాతి పరిస్థితే, కాకపోతే నేను తొందరపడి పాస్‌పోర్ట్ కూడా మార్చేశాను. ఇక్కడికొచ్చాక డిగ్రీని మూల్యాంకనం చేయించాలి, మన మార్కుల జాబితాలు పుట్టింటి పేరుతో ఉన్నాయి, పాస్‌పోర్ట్ అత్తింటి పేరుతో. పెళ్లి సర్టిఫికెట్ పంపాను. వాళ్లు తిప్పికొట్టారు. ఎందుకో తెలుసా? మన పెళ్లి సర్టిఫికెట్‌లో వధువు పేరు పాతదే ఉంటుంది. పెళ్లయిందని ఉంటుంది, పెళ్లయ్యాక ఈమె పేరు ఇది అని ఎక్కడా ఉండదు. అది చూసినవాళ్లు కొత్త పేరును ఊహించుకోవాలి. మన దగ్గర ఊహించుకుంటారు, ఇక్కడ ఊహించుకోలేదు. చివరికి ఇంటి నుంచి గెజిట్ ప్రతి తెప్పించుకున్నాక పని జరిగింది.

ఇంకో మాట. పాస్‌పోర్ట్ ఫారంలో ఇంటిపేరు గడి ఖాళీగా వదలకు. పేరంతా ఒకే గడిలో రాసేస్తే అమెరికా వీసా మీద అసలు పేరుండాల్సిన చోట FNU, అంటే అసలు పేరు తెలియదు, అని పడుతుంది. మా రూమ్మేట్‌ని బ్యాంకులో మిస్ ఫ్నూ అని పిలిచేవాళ్లు.

స్వాతి_ఖమ్మం · 14 మార్చి, ఉదయం 9:10

అందరికీ థ్యాంక్స్. అంటే గెజిట్ కావాల్సిందే. రమణగారూ, మా దగ్గర ఒకాయన డ్రాఫ్ట్ రాసిచ్చాడు: "కొల్లి స్వాతి అను నేను వివాహానంతరం మద్దినేని స్వాతిగా పేరు మార్చుకున్నాను..." ఇది చాలా? రేపే కట్టేద్దామనుకుంటున్నా.

పరీక్షల_విభాగం_విశ్రాంత · 14 మార్చి, ఉదయం 9:35

రేపు కట్టకు. ముందు ఒక పని చెయ్యి. సర్టిఫికెట్లన్నీ బల్ల మీద పరుచుకుని, ఒక్కో దాని మీద పేరు ఇంగ్లీషులో ఎలా ఉందో అక్షరం అక్షరం ఇక్కడ టైపు చెయ్యి. జ్ఞాపకం నుంచి వద్దు, చూసి రాయి.

స్వాతి_ఖమ్మం · 14 మార్చి, ఉదయం 11:50

ఇదిగోండి సార్.

పదో తరగతి మెమో: KOLLI SWATHI
ఇంటర్: KOLLI SWATHI
డిగ్రీ పట్టా: KOLLI SWATI
డిగ్రీ మార్కుల జాబితా: KOLLI SWATHI
బీఎడ్: KOLLI SWATHI
పాన్: SWATHI KOLLI
ఆధార్: Maddineni Swathi

రాస్తుంటే చేతులు వణికాయి. పట్టాలో H లేదు! ఆరేళ్లుగా ఫ్రేమ్ కట్టించి గోడకి తగిలించుకున్నాను, ఒక్కరోజూ చూడలేదు.

పరీక్షల_విభాగం_విశ్రాంత · 14 మార్చి, మధ్యాహ్నం 12:30

అందుకే చూసి రాయమన్నాను. భయపడకు, ఇది నీకు మేలే.

పాన్‌లో పేరు ముందు, ఇంటిపేరు వెనక ఉండటం పెద్ద సంగతి కాదు. ఆ ఫారంలో ఇంటిపేరుకు విడి గడి ఉంటుంది, అచ్చు వేసేటప్పుడు అటూ ఇటూ అవుతుంది. అక్షరాలు అవే.

పట్టాలో H పోవడం యూనివర్సిటీ తప్పు. దానికి గెజిట్ అక్కర్లేదు. పదో తరగతి మెమోలో ఉన్నదే డిగ్రీలో రావాలి, వాళ్ల మార్కుల జాబితాలోనే సరిగ్గా ఉంది కాబట్టి వాదనకు చోటు లేదు. కాలేజీ ప్రిన్సిపాల్ కవరింగ్ లెటర్, అసలు పట్టా, పదో తరగతి మెమో నకలు, చలానా పెట్టి పరీక్షల విభాగంలో ఇవ్వు. అసలు పట్టా వాళ్లు తీసుకుంటారు, కాబట్టి ముందే రంగుల నకళ్లు తీసి పెట్టుకో, ఇచ్చినట్టు ముద్ర వేసిన రసీదు తీసుకో. మా కాలంలో నెలన్నర నుంచి మూడు నెలలు పట్టేది. డీఎస్సీ పరిశీలన తేదీ పడ్డాక పట్టా ఆఫీసులో చిక్కుకుంటే కష్టం, ఇప్పుడే ఇచ్చెయ్యి.

ఇప్పుడు గెజిట్ డ్రాఫ్ట్. తెలుగులో చక్కగానే ఉంది, కానీ ఎవరూ పోల్చేది ఆ తెలుగును కాదు, ఇంగ్లీషు అక్షరాలను. పాత పేరు దగ్గర పదో తరగతి మెమోలో ఉన్నట్టే KOLLI SWATHI అని, మెమో హాల్ టికెట్ నంబరు, సంవత్సరంతో సహా రాయాలి. కొత్త పేరు దగ్గర ఆధార్‌లో ఉన్నట్టే MADDINENI SWATHI. రెండు చివరలూ రెండు ఒడ్లనూ తాకాలి. మా ఆఫీసులో ఒకావిడ గెజిట్‌లో పాత పేరు K. అని పొడి అక్షరంతో వేయించుకుని వచ్చింది, మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది. డబ్బు పోయింది, వంతెన గాల్లో వేలాడింది. మళ్లీ వేయించుకుంది.

మీసేవ_రమణ · 14 మార్చి, మధ్యాహ్నం 1:15

సార్ చెప్పింది ఒప్పుకుంటాను, మెమో మారుతుందన్నది నా పొరపాటు. నేను గెజిట్‌కి అప్లై చేయించడం వరకే చూశాను, తర్వాత బోర్డులో ఏమైందో ఎవరూ వచ్చి చెప్పరు కదా.

గెజిట్‌కి హైదరాబాద్ చంచల్‌గూడ ప్రభుత్వ ముద్రణాలయం. మేము పంపినవాటికి దరఖాస్తు, నోటరీ అఫిడవిట్, ఇద్దరు సాక్షులు, గెజిటెడ్ అధికారి సంతకం, చలానా అడిగారు. అచ్చయ్యాక నాలుగైదు ప్రతులు కొనిపెట్టుకోండి మేడం, తర్వాత ఒక్కోచోట అసలు ప్రతి అడుగుతారు. నోటరీ అఫిడవిట్ ఒక్కటే పట్టుకుని ఇదే పేరు మార్పు అని తిరిగేవాళ్లున్నారు. బ్యాంకులో నడుస్తుందేమో, పాస్‌పోర్ట్ దగ్గర నడవదు.

గోదారి_పద్మ · 14 మార్చి, మధ్యాహ్నం 2:00

అందరూ వంతెన ఎలా కట్టాలో చెప్తున్నారు. నేనడిగేది, అవతలికి దాటాలా అని. ఏడు కాగితాల్లో ఆరు పాత పేరుతో ఉన్నాయి, ఒక్క ఆధార్ కొత్తది. ఆ ఒక్కదాన్నే వెనక్కి తెచ్చుకుంటే పోదా? సుజాతగారు దారి చెప్పారు కదా.

రాజమండ్రి_సుజాత · 14 మార్చి, మధ్యాహ్నం 2:50

అదీ ఒక దారే. కానీ వెనక్కి రావడానికి కూడా గెజిట్ అడుగుతారు, ఎందుకంటే రెండుసార్లూ అయిపోయాయి. అటైనా ఇటైనా గెజిట్ తప్పదు, ఏ వైపుకి రాయించుకోవాలన్నదే తేడా. వెనక్కి వస్తే ఇక జీవితంలో మళ్లీ కదలకు. నా తలనొప్పి నాకు చాలు.

పరీక్షల_విభాగం_విశ్రాంత · 14 మార్చి, సాయంత్రం 5:15

పద్మగారి మాటలో పస ఉంది. అది ఇంట్లో తేల్చుకోవాల్సింది, నేను చెప్పేది కాదు. రెండింటికీ తేడా మాత్రం చెప్తాను.

కొత్త పేరుతో ముందుకు వెళ్తే, సర్టిఫికెట్ చూపించే ప్రతిచోటా జీవితాంతం గెజిట్ ప్రతి వెంట ఉండాలి. పెన్షన్ దాకా. పాత పేరుకు వస్తే ఒక్కసారి ఆధార్ దగ్గర యాతన పడతావు, తర్వాత గెజిట్ బీరువాలో పెట్టుకోవచ్చు. డీఎస్సీ దరఖాస్తులో మాత్రం ఏ దారైనా పదో తరగతి మెమోలో ఉన్న పేరే రాయి. ఉద్యోగమొచ్చాక సర్వీస్ రిజిస్టరులో మొదట ఎక్కే పేరు అదే అవుతుంది. ఉద్యోగంలో ఉండగా మార్చుకోవాలంటే అది ఇంకో పెద్ద ప్రహసనం.

పాస్‌పోర్ట్ ఈ రెండూ తేలేదాకా ఆపు. కొత్త పేరుతో తీసి, తర్వాత ఆధార్ వెనక్కి తెచ్చుకుంటే దాన్ని మళ్లీ రీ-ఇష్యూకి పెట్టాలి, పోలీసు విచారణ మళ్లీ, నంబరు కూడా మారుతుంది.

డల్లాస్_మాధవి · 14 మార్చి, రాత్రి 8:30

జర్మనీ వాళ్లు భార్య వీసాకి పెళ్లి సర్టిఫికెట్ చూస్తారు, ఇంటిపేర్లు ఒకటిగా ఉండాలని అడగరనే విన్నాను. ఎవరికైనా సొంత అనుభవం ఉంటే చెప్పండి. మావారికీ నాకూ ఇంటిపేర్లు వేరైనప్పుడు ఎవరూ ప్రశ్నించలేదు. నేను మార్చుకున్నాకే ప్రశ్నలు మొదలయ్యాయి.

స్వాతి_ఖమ్మం · 6 ఏప్రిల్, రాత్రి 10:05

చాలా రోజులకు వచ్చాను, క్షమించండి. పట్టా కరెక్షన్‌కి ఇచ్చాను. ప్రిన్సిపాల్ గారి లెటర్ కోసం మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. కౌంటర్లో మొదట "దీనికి గెజిట్ కావాలి" అన్నారు. నేను పట్టా, మార్కుల జాబితా పక్కపక్కన పెట్టి H మీద వేలు పెట్టి చూపిస్తే కాసేపు చూసి తీసుకున్నారు. రసీదు మీద ముద్ర వేయించుకున్నాను సార్.

ఇంట్లో రాత్రి చర్చ జరిగింది. మావారు నీ ఇష్టం అన్నారు. అత్తయ్య ఏమీ అనలేదు, అదే కాస్త భయంగా ఉంది. పాత పేరుకే వెనక్కి రావాలని ఉంది, గెజిట్ డ్రాఫ్ట్ రెండు రకాలుగానూ రాయించి పెట్టుకున్నాను. డీఎస్సీకి KOLLI SWATHI అనే రాస్తాను. పాస్‌పోర్ట్ ఆపాను.

సార్, కాగితాలన్నీ మళ్లీ చూస్తుంటే ఇంకోటి కనబడింది. ఇంటర్ మెమోలో నాన్న పేరు వెంకటేశ్వర్లు, బీఎడ్‌లో వెంకటేశ్వర రావు.

పరీక్షల_విభాగం_విశ్రాంత · 7 ఏప్రిల్, ఉదయం 6:10

పదో తరగతి మెమోలో ఏముంది? చూసి రాయి, జ్ఞాపకం నుంచి వద్దు.